Bcc లో పెట్టిన ఒక చిరునామా

హైదరాబాద్‌లోని ఒక హోటల్ కోసం వరంగల్ కొత్తవాడలో నేయించిన 120 జంపఖానాల ఆర్డర్‌ను చూసుకునే బాధ్యత గత ఏడాది నాకు అప్పగించారు. హోటల్ కొనుగోలు విభాగం, మా ఉత్పత్తి, డిస్పాచ్ విభాగాలు, బయటి అద్దకం యూనిట్, లారీ ట్రాన్స్‌పోర్ట్ వారు అందరూ ఒకే మెయిల్ వరుసలో ఉండేవారు.

అడ్వాన్సు గురించి హోటల్‌కు మర్యాదగా గుర్తుచేస్తూ రాసిన ఒక మెయిల్‌లో, మా అకౌంట్స్ సార్‌కు కూడా తెలిసి ఉంటుందని ఆయన చిరునామాను Bcc లో పెట్టాను. ఆయన ఫోన్‌లో చూసి Reply all నొక్కి, "పాత బాకీయే తేలలేదు, సరుకు ఆపుదాం" అని రాశారు. Bcc లో ఉన్నవారి పేరు ఇతరులకు కనిపించదు. కానీ వారు Reply all ఇస్తే ఆ జవాబు To, Cc లలోని అందరికీ చేరుతుంది, వారు అంతవరకు చాటుగా చదువుతున్నారన్న సంగతి కూడా దానితోనే బయటపడుతుంది. హోటల్ అధికారి ఫోన్ చేసి, "మా లెక్కలు అద్దకం వాళ్లకు, లారీ వాళ్లకు ఎందుకండీ?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. తప్పు సార్‌ది కాదు, ఆయనను అక్కడ పెట్టిన నాది. జీమెయిల్‌లో పంపినదాన్ని ఆపడానికి ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే ఉంటాయి కాబట్టి, క్షమాపణ చెప్పడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

అప్పటి నుంచి లోపలివారికి తెలియాల్సినది ఏదైనా ఉంటే, ముందు హోటల్‌కు మెయిల్ పంపి, తరువాత Sent లోంచి దాన్ని వారికి ఫార్వర్డ్ చేస్తున్నాను. అప్పుడు వారు Reply నొక్కినా, Reply all నొక్కినా జవాబు హోటల్‌కు వెళ్లదు. ఫార్వర్డ్‌లో కింది పాత సంభాషణతో పాటు అటాచ్‌మెంట్లు కూడా వెళ్తాయి కాబట్టి, బయటివారికి పంపేటప్పుడు మాత్రం కిందివరకు చదివి, అద్దకం రేటు వంటివి ఉంటే కొత్త మెయిల్ రాస్తాను.

Bcc ని ఇప్పుడు ఒక్క పనికే వాడుతున్నాను. రంగులు ఖాయమయ్యాక, "అద్దకం యూనిట్ వారిని ఇక్కడితో Bcc లోకి మారుస్తున్నాను" అని మొదటి వాక్యంలోనే అందరికీ తెలిసేలా రాసి మార్చాను. వారికి ఆ ఒక్క మెయిల్ చేరింది, ఆ తరువాత ఇతరులు ఇచ్చిన Reply all లు చేరలేదు.

అలాగని అందరినీ తగ్గించుకుంటూ పోవడమూ సరికాదు. లారీ గురువారానికి బదులు శనివారం వస్తుందని ట్రాన్స్‌పోర్ట్ వారు ఉత్త Reply తో నాకొక్కడికే రాసినప్పుడు, నేను వెంటనే Reply all లో పాత తేదీని, కొత్త తేదీని పక్కపక్కన రాసి, సరుకు కట్టించాల్సిన డిస్పాచ్ సార్‌ను To లోకి, మిగతావారిని Cc లోకి మార్చాను. జంపఖానాల మూటలు శుక్రవారం సాయంత్రానికి సిద్ధమయ్యాయి.