‘ఆయ్’ తీసేస్తే పోయిన జవాబు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా రైతు సంఘం నెలకోసారి చిన్న కరపత్రం వేస్తుంది. పోయిన సార్వాలో రేడియోలో వచ్చిన ఫోన్ ఇన్ కార్యక్రమాన్ని ప్రశ్నలు, జవాబులుగా ఒక్క పేజీలో కుదించే పని నా మీద పడింది. వరి శాస్త్రవేత్త ఒకాయన అరగంట సేపు రైతులతో మాట్లాడారు. మా అబ్బాయి రికార్డింగు విని మొత్తం టైపు చేసిచ్చాడు. పద్నాలుగు పేజీలు వచ్చింది.

చూడగానే చిరాకేసింది. ప్రతి రెండో లైనులో ‘ఆయ్’. మన గోదావరి వాళ్ళం ఫోనులో అంతే కదా, అవతలివాళ్ళు ఊపిరి తీసుకుంటే చాలు, ‘ఆయ్’ అంటాం. పనికిరాని మాటలే కదా అని కంప్యూటర్లో ఒక్క దెబ్బకి అన్నీ తీసేశాను. రెండు పేజీలు తగ్గాయి, సంబరపడ్డాను.

మొదటి ఫోను దగ్గరే దెబ్బ తగిలింది. ఆ రైతు స్వర్ణ రకం వరి వేశాడు. చేను మధ్యలో గుండ్రంగా పసుపెక్కి ఎండుతోందట. ఇంకో అరబస్తా యూరియా వెయ్యమంటారా అని అడిగాడు. శాస్త్రవేత్త జవాబివ్వకుండా తిరిగి మూడు ప్రశ్నలేశారు. చేలో నీళ్ళు నిలిచి ఉన్నాయా? దుబ్బుని తడితే మొదట్లోంచి గోధుమరంగు దోమలు నీళ్ళమీద పడుతున్నాయా? ఇంకా పొట్టదశలోనే ఉందా? నా కాగితంలో మూడింటికీ జవాబు లేదు. రైతు మూడింటికీ అవుననడానికి చెప్పింది ‘ఆయ్’ ఒక్కటే మరి! తీసేసినవన్నీ వెనక్కి తెచ్చుకుని, ప్రశ్న తర్వాత వచ్చిన ‘ఆయ్’ ఉంచి, మాట మధ్యలో వచ్చినవి చేత్తో కొట్టేశాను. ఏది ఏదో తేలని రెండుచోట్ల మళ్ళీ రికార్డింగు విన్నాను.

ఆ మూడు ‘ఆయ్’లు విని శాస్త్రవేత్త అది సుడిదోమ అన్నారు. తర్వాత ప్రశ్న రాయాలి. ‘సుడిదోమకి ఏ మందు కొట్టాలి?’ అని రాశాను. చదివితే పొట్టిగా, శుభ్రంగా ఉంది. కానీ ఆ రైతు అలా అడగలేదు. అది సుడిదోమ అని ఆయనకి తెలిస్తే యూరియా గురించి అడుగుతాడా? అదే అవస్థలో ఉన్న ఇంకో రైతు మా పేజీ చూసినా ఇది తన సంగతేనని పోల్చుకోలేడు. అందుకని లక్షణాన్నే ప్రశ్న చేశాను. ‘పొట్టదశలో ఉన్న వరి గుండ్రంగా పసుపెక్కి ఎండుతోంది, యూరియా వెయ్యొచ్చా?’ దోమ పేరు జవాబులోకి వెళ్ళింది.

జవాబులో వరస కూడా మార్చాల్సొచ్చింది. ఆయన ముందు మందు చెప్పి, ఫోను పెట్టేసే ముందు గుర్తొచ్చినట్టు “నీళ్ళు తీసేశాకే కొట్టండి, మొదళ్ళు తడవాలి” అన్నారు. మాట్లాడిన వరసలో అచ్చేస్తే చదివినవాడు మందు కొట్టేశాక నీళ్ళ సంగతి చూస్తాడు. చేసే వరసలో పెట్టాను. యూరియా వెయ్యొద్దు, అది దోమని పెంచుతుంది, నీళ్ళు తియ్యండి, ఆ తర్వాత మందు, ఆకుల మీద కాదు, మొదళ్ళకి.

మందు మోతాదు దగ్గర ఒళ్ళు జలదరించింది. కాగితంలో ‘పైమెట్రోజిన్ లీటరుకి 6 గ్రాములు’ అనుంది. నాకు అనుమానం కలిగింది గానీ, అనుమానంతో అంకె దిద్దకూడదు. వెతికితే పదకొండో పేజీలో ఇంకొకరికి ఆయనే “ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 120 గ్రాముల మందు” అన్నారు. లెక్కేస్తే లీటరుకి 0.6 గ్రాములు. 6 అయితే ఎకరానికి 1200 గ్రాములు, పది రెట్లు! రికార్డింగు వింటే “పాయింట్ ఆరు” అనే ఉంది. మా వాడికి ఆ ‘పాయింట్’ వినపడలేదు. అచ్చులో 0.6 పక్కనే ఎకరానికి 120 అని కూడా వేశాం. ఒక అంకె తప్పు పడినా రెండోది పట్టిస్తుంది.

పదకొండో పేజీలో మాట్లాడినాయన 7029 వేశానన్నాడు. అదీ స్వర్ణే, మార్టేరు వరి పరిశోధన స్థానం ఇచ్చిన ఎంటీయూ 7029. పైగా అదే దోమ. రెండు ఫోన్లూ కలిపేద్దామనుకున్నా. ఇంకో ఆయన ఫోను కూడా దోమ గురించే, కానీ ఆయన చేను వారంలో కోతకొస్తుంది. ఆయనకి “మందు వద్దు, నీళ్ళు తీసేసి కోసుకోండి” అన్నారు. 7029 ఆయనది పొట్టదశే కాబట్టి మొదటిదానితో కలిపాను, కోతకొచ్చినదాన్ని విడిగా ఉంచాను. అక్కడే ‘కోతకి దగ్గరైన చేను’ అని ప్రశ్నలోనే రాశాను.

చివరి ఫోను ఒక అమ్మది. తాలు గింజల గురించి అడుగుతుండగా లైను తెగిపోయింది. సంఘం పెద్దాయన “మనకి తెలుసు కదండీ, రెండు ముక్కలు మనమే రాసేద్దాం” అన్నారు. శాస్త్రవేత్త పేరు కింద మన మాట ఎలా వేస్తామండీ అన్నాను. కాసేపు గునిసి ఒప్పుకున్నారు. ప్రశ్న వేసి, కింద ‘లైను తెగిపోవడంతో జవాబు రాలేదు’ అని వేశాం.