మేక ఊపిరితిత్తితో స్లైడు: గాలికీ రక్తానికీ మధ్య గోడ వెతికిన నా అనుభవం

ఊపిరితిత్తి స్లైడు చెడేది ఎక్కువగా మొదటి గంటలోనే. ముక్క కోసి నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే వాయుగోణులు, అంటే గాలి నిండే చిన్న గదులు, ముడుచుకుపోతాయి. గోడలు ఒకదానిమీద ఒకటి పడి, మామూలు ఊపిరితిత్తే జబ్బు పడినట్టు మందంగా కనబడుతుంది. అందుకని కోత పడని తమ్మెను ఎంచుకుని, దాని శ్వాసనాళికలో సన్నగొట్టం దూర్చి దారంతో బిగిస్తాను. 10 శాతం ఫార్మలిన్ సీసాను ఊపిరితిత్తి కంటే 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి, ద్రవం దానంతటదే దిగేలా వదులుతాను. తమ్మె అంచులు నిండుగా ఉబ్బాక నాళిక కట్టేసి, ఒక రోజు అదే ద్రవంలో ముంచి ఉంచుతాను.

కేంద్రకాలను నీలంగా, మిగతాదాన్ని గులాబీగా చూపే హెచ్ అండ్ ఈ రంగు వేసిన సెక్షన్‌ను, అంటే పలచని కోతను, మైక్రోస్కోప్ 40x ఆబ్జెక్టివ్‌లో చూసేటప్పుడు ముందు మూలలకు వెళతాను. రెండు గోడలు కలిసే చోట, గుండ్రని కేంద్రకంతో గాలివైపు పొడుచుకొచ్చిన కణం దొరికితే అది రెండో రకం న్యూమోసైట్. వాయుగోణి గోడకు గాలివైపు పరుచుకునే కణాలే న్యూమోసైట్లు, అవి రెండు రకాలు. లోపల నురగలా కనిపించే ఖాళీలు, వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థాన్ని దాచుకునే పొరల సంచులు. వాటిలోని కొవ్వును ఆల్కహాలూ జైలీనూ కరిగించేశాయి, మిగిలింది గుంటలే. దుమ్మును మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణం కూడా నురగగానే ఉంటుంది కాబట్టి పొరపడతాం. అది గోడకు అతుక్కోకుండా గాలిగదిలో విడిగా ఉందా, గోధుమరంగు రేణువులు మింగిందా అని చూస్తే తేలుతుంది.

మొదటి రకం కణమే అసలు చిక్కు. సంఖ్యలో రెండో రకం కంటే తక్కువైనా, వాయుగోణి లోపలి ఉపరితలంలో దాదాపు 95 శాతం కప్పేది ఇదే. కానీ స్లైడులో దొరికేది సన్నని గీతలాంటి కేంద్రకం మాత్రమే. పక్కనే ఉన్న కేశనాళిక లోపలి పొర అయిన ఎండోథీలియం కేంద్రకమూ అచ్చం అలాగే ఉంటుంది. గాలివైపు ఉందా, నాళిక లోపలి అంచున ఉందా అని చూస్తాను. తేలకపోతే పేరు పెట్టను, ఊహించి రాయడం కంటే అదే నయం.

ఇక గోడ సంగతి. పలచని చోట దాని మందం సుమారు 0.2 మైక్రాన్లు. మామూలు మైక్రోస్కోప్ రెండు గీతలను విడదీయగల హద్దూ దాదాపు అంతే. నా సెక్షన్ మందం 4 మైక్రాన్లు, అంటే ఆ గోడకు ఇరవై రెట్లు. గోడ కాస్త వాలితే చాలు, పొరలన్నీ కలిసి ఒకే గులాబీ చారగా అలుక్కుపోతాయి. ఆ చారను గోడ మందంగా కొలిస్తే లెక్క తప్పుతుంది.

పొరలు విడివిడిగా కనబడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు. దానికి మిల్లీమీటరు ముక్కలను గ్లూటరాల్డిహైడ్‌లో వేసి, 70 నానోమీటర్ల సెక్షన్లు కోయాలి. ఆ చిత్రాన్ని గాలివైపు నుంచి చదువుతాను: మొదటి రకం కణపు పలచని పొర, కణాలు ఆనుకునే సన్నని పొర అయిన, ఒక్కటిగా అతుక్కుపోయిన ఆధారపటలం, ఎండోథీలియం, ఆ తర్వాత ప్లాస్మా. అదే కేశనాళికకు రెండో వైపు చూస్తే ఆధారపటలాలు విడిపోయి, నడుమ కొల్లాజెన్ పోగులు ఉంటాయి. ఊపిరితిత్తిలో నీరు చేరితే ముందు ఈ మందపు వైపే ఉబ్బుతుంది. పలచని వైపు వాయుమార్పిడి ఇంకా సాగుతూనే ఉంటుంది.