లిఫ్టులో ఒక నమస్కారం

నేను 34 ఏళ్ల వయసులో మానసిక వైద్య నిపుణుల దగ్గరకు వెళ్లింది కొత్తవారిని పలకరించలేని స్థితి వల్ల. లిఫ్టులో అపరిచితులు ఒక్కరున్నా ఐదో అంతస్తు దాకా మెట్లెక్కి వెళ్లేదాన్ని. ఎదురుపడక తప్పనప్పుడు గుండె వేగంగా కొట్టుకునేది, ముఖం వేడెక్కేది, గొంతు పూడుకుపోయేది. ఇది కేవలం బిడియం అయితే కొంతసేపటికి సర్దుకునేది. నాకు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండి, నా రాకపోకలనే మార్చేసింది. వైద్యురాలు దీన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అని నిర్ధారించారు.

నాకు అర్థం కాని విషయం ఒకటుండేది. అంతకుముందు ఏడాదిగా నేను పట్టుబట్టి రోజుకొకరినైనా పలకరిస్తూనే ఉన్నాను, అయినా భయం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ మాట చెప్పినప్పుడు థెరపిస్టు నన్ను మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. పలకరించేటప్పుడు సరిగ్గా ఏమేం చేస్తానో వరుసగా చెప్పమన్నారు. చెబుతూ ఉంటే నాకే ఆశ్చర్యం వేసింది. దగ్గరకు వచ్చేలోగా ఆ ఒక్క మాటనే మనసులో నాలుగైదుసార్లు అనుకునేదాన్ని, చేతిలో ఫోను పట్టుకునేదాన్ని, వినీ వినిపించనట్లు పలికేదాన్ని, జవాబు రాకముందే చూపు తిప్పుకునేదాన్ని. అంతసేపూ నా ధ్యాసంతా నా ముఖం ఎర్రబడిందా, గొంతు వణికిందా అన్నదాని మీదే ఉండేది.

వీటిని రక్షణ చేష్టలు అనవచ్చునని ఆమె వివరించారు. ఈ సమస్య ఎలా కొనసాగుతుందో వివరిస్తూ మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ప్రతిపాదించిన నమూనాలో ఇవి కీలకం. పలకరింపు సాఫీగా జరిగితే, ఆ జాగ్రత్తల వల్లే గండం గడిచిందని మనసు నమ్ముతుంది కాబట్టి భయానికి ఆధారమైన అంచనా చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా గొంతు తగ్గించడం వల్ల అవతలివారికి మాట వినపడదు. వినపడనిదానికి వారు బదులివ్వకపోతే, అది తిరస్కారమని నేను నమ్మేదాన్ని. ఏ జాగ్రత్త నన్ను కాపాడుతుందనుకున్నానో, నేను భయపడిన ఫలితాన్ని అదే తెచ్చిపెడుతోందన్నమాట.

ఆ తర్వాత ఒక ప్రయోగం చేశాము. ఒకే లిఫ్టు, రెండు ఉదయాలు. ముందుగా నా అంచనాను నోటుపుస్తకంలో రాయమన్నారు. ‘ఆ మనిషి ముఖం చిట్లించి పక్కకు తిరుగుతారు’ అని రాసి, దాని మీద నాకున్న నమ్మకం నూటికి 80 అని వేశాను. మొదటి రోజు నా జాగ్రత్తలన్నీ పాటిస్తూ, ఫైలు పట్టుకున్న ఒకాయనను పలకరించాను. ఆయన కదలలేదు. రెండో రోజు ఫోను సంచిలో పెట్టేశాను, మాటను ముందుగా వల్లించలేదు, ధ్యాసను నా మీద నుంచి తప్పించి లోపలికి వచ్చినావిడ మీద నిలిపాను. ఆమె చేతిలో అట్టపెట్టె ఉంది, దానికి కట్టిన తాడు నీలంగా ఉంది. మామూలు గొంతుతో ‘నమస్కారమండీ’ అని, రెండు క్షణాలు ఆగాను. ఆమె తలూపి, ‘నమస్కారం, నాలుగో అంతస్తు కాస్త నొక్కుతారా?’ అన్నారు.

ఆ క్షణంలో నా భయం మొదటి రోజుకంటే ఎక్కువే ఉంది. ఈ విషయాన్ని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే భయం తగ్గలేదు కాబట్టి సాధన పనిచేయలేదని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. చూడవలసింది రాసుకున్న అంచనా నిజమైందా లేదా అన్నదే. నా నమ్మకం ఆ సాయంత్రానికి 80 నుంచి 50కి దిగింది. ఆందోళన తగ్గడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది.

దారిలో రెండు పొరపాట్లు జరిగాయి. ఫోను వదిలిన నేను తెలియకుండానే ముఖానికి బలవంతపు చిరునవ్వు తగిలించుకోవడం మొదలుపెట్టాను. ‘ఇది లేకుండా పలకరించాలంటే భయమేస్తుందా?’ అని ప్రశ్నించుకున్నప్పుడు అవునని తోచింది, అంటే అదీ రక్షణ చేష్టే. రెండోది, మూడో వారంలో ఒక యువకుడు బదులివ్వకుండా వెళ్లిపోతే, ఆ రాత్రంతా ఆ దృశ్యాన్నే తిరగేస్తూ కూర్చున్నాను. అటువంటప్పుడు కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే మూడు వాక్యాల్లో రాసి పుస్తకం మూసేయాలని థెరపిస్టు చెప్పారు. రాస్తుంటే అతని చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నట్లు గుర్తుకొచ్చింది. అవి లేకపోయినా బదులివ్వని వారు కొందరుంటారు, ఆ తర్వాత అలాంటివారూ ఎదురయ్యారు. అది ఇబ్బందే, కానీ నేను ఊహించుకున్నంత అవమానం కాదని అప్పుడే తెలిసింది.

వైద్యురాలు ఆందోళనను తగ్గించే సెర్ట్రలిన్ అనే మందు కూడా రాశారు. దాని ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పట్టింది, ఆపేటప్పుడు కూడా ఆమె సలహాతోనే మోతాదును క్రమంగా తగ్గించాను.

ఇప్పటికీ కొత్త భవనంలో లిఫ్టు తలుపు తెరుచుకుంటే గుండె ఒకసారి ఉలిక్కిపడుతుంది. నోటుపుస్తకంలో నేను రాసిన చివరి అంచనా ‘బహుశా తలూపుతారు’ అన్నది. ఆ రోజు లోపలున్న పెద్దాయన నాకంటే ముందే నమస్కారం చెప్పారు.