తొమ్మిది అడుగులు

ఆదివారం. పొద్దున్న ఇడ్లీ తిని సిస్టమ్ ముందు కూర్చున్నదాన్ని, భోజనానికి మూడోసారి పిలిస్తే గానీ లేవలేదు.

పోయిన నెల సూర్యలంకలో తీసిన ఫోటో అది. అమ్మవాళ్ళ హాల్లో పెట్టడానికి పెద్ద ప్రింట్ తీయించాలి. సముద్రం మీద అప్పుడే లేచిన సూర్యుడు, ఏటవాలు ఎండ, పొడి ఇసుకలో గాలి గీసిన చారలు. వాటి నడుమ తొమ్మిది పాదముద్రలు. నావే. ముందు పీత వెంటపడి, ఆ తర్వాత కెమెరా తీశాను మరి.

మొదట బద్ధకించి ఫోటోషాప్‌లో కంటెంట్ అవేర్ ఫిల్ వాడాను. అడుగులు పోయాయి కానీ చారలు ఎక్కడికక్కడ తెగి, ఉడికిన సేమియాలా కలిసిపోయాయి. అంతా తీసేసి, ఖాళీ లేయర్ మీద క్లోన్ స్టాంప్‌తో మళ్ళీ మొదలుపెట్టాను. పైన Sample దగ్గర Current & Below పెట్టుకుంటే అసలు ఫోటో జోలికి పోదు.

ఇసుకను ఎక్కడి నుంచి తెస్తామన్నదే అసలు సంగతి. దగ్గరి చారలు లావుగా, దూరంవి సన్నగా ఉంటాయి కాబట్టి అడుగుకి పైనుంచో కిందనుంచో తెస్తే అతకదు. అదే ఎత్తులో, పక్కనుంచే తేవాలి. ఒక చార శిఖరం మీద Alt పట్టుకుని క్లిక్ చేసి, అడుగు పక్కన అదే చార తెగిన చోట మొదటి చుక్క పెట్టాలి. శిఖరం మీద శిఖరం పడితే నీడలు వాటంతటవే కుదురుతాయి. పాదం చుట్టూ ఉబ్బిన ఇసుక అంచుని కూడా కలిపి తీసేయాలి. మొదటి అడుగుకి నేనది వదిలేశాను, గుంట లేని గట్టు ఒకటి మిగిలింది!

నాలుగో అడుగు దగ్గర గంట పట్టింది. దానికి ఎడమవైపు ఐదు చారలు, కుడివైపు ఆరు. ఎలా కలిపినా ఒకటి మిగిలిపోతోంది. విసుగొచ్చి ఫోటో అంతా జూమ్ చేసి చూస్తే, గాలి చారలేమీ రైలు పట్టాలు కావు, అక్కడక్కడా రెండు చారలు పంగలకర్రలా ఒకటవుతున్నాయి. దాదాపు అదే వరసలో కనిపించిన ఒక పంగని లాసోతో అంచు కాస్త మెత్తగా కత్తిరించి, కొత్త లేయర్‌గా తెచ్చి, వార్ప్‌తో కొద్దిగా వంచి పెట్టాను. లెక్క సరిపోయింది. నీళ్ళ దగ్గరున్న చివరి మూడూ చిన్నవి, హీలింగ్ బ్రష్‌తో నిమిషంలో పోయాయి.

రాత్రి సేవ్ చేసేముందు ఫోటోని అద్దంలోలా తిప్పి చూశాను. అలా చూస్తే అలవాటుపడిన కంటికి తప్పులు దొరుకుతాయి. దొరికింది. ఒకే పీత కన్నం, పక్కన అదే గవ్వముక్కతో సహా, రెండు చోట్ల. ఒకటి పూడ్చేసి పడుకున్నాను.