రిపోర్టులో ముందుగా ఏ గడి చూడాలి

ఈ వారమే మా మార్కెటింగ్ విభాగంలో చేరిన అమ్మాయితో కలిసి ఈరోజు మధ్యాహ్నం గూగుల్ యాడ్స్ రిపోర్టు చదివాను. చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం కోసం నడుపుతున్న రెండు ప్రకటనల వారపు లెక్క అది.

ఆమె చూపు మొదట సీటీఆర్ మీద పడింది. ప్రకటన ఒకసారి తెరపై కనిపించడం ఇంప్రెషన్, దాన్ని నొక్కడం క్లిక్, వంద ఇంప్రెషన్లకు ఎన్ని క్లిక్కులు వచ్చాయన్నది సీటీఆర్. "భారీ తగ్గింపు" అని రాసిన ప్రకటనకు 2 శాతం, చీర ధర స్పష్టంగా రాసిన ప్రకటనకు 1 శాతం వచ్చాయి. "అయితే మొదటిదే బాగున్నట్టు కదా, మేడమ్?" అని అడిగింది.

అప్పుడు కుడివైపు గడులు చూపించాను. రెండింటికీ 20,000 రూపాయల చొప్పున ఖర్చయింది. ఆర్డరు పెట్టడం వంటి, మనం కోరుకున్న పనిని కన్వర్షన్ అంటారు. తగ్గింపు ప్రకటనకు 16 ఆర్డర్లు, ధర రాసిన దానికి 25 వచ్చాయి. ఒక్కో ఆర్డరుకు పడిన ఖర్చు, అంటే సీపీఏ, మొదటిదానికి 1,250, రెండవదానికి 800 రూపాయలు. ధర ముందే చదివినవారిలో కొనే ఉద్దేశం లేనివారు చాలావరకు అసలు నొక్కరు కాబట్టి అక్కడ సీటీఆర్ తగ్గడాన్ని లోపంగా లెక్కించకూడదు.

చీర సగటు ధర 2,400 కనుక రెండవ ప్రకటన 60,000 రూపాయల అమ్మకం తెచ్చింది. ఖర్చుకు మూడు రెట్లు. దీన్నే రోయాస్ అంటారు. మూడు రెట్లు అనగానే ఆమె ముఖం వెలిగింది కానీ, ఆ దుకాణానికి అమ్మకంలో మిగిలేది 40 శాతమే. అంటే చేతికి వచ్చేది 24,000, ప్రకటన ఖర్చు పోగా నికరంగా 4,000. ఈ దుకాణానికి రోయాస్ 2.5 దాటితేనే లాభం. మొదటి ప్రకటన 1.92 దగ్గరే ఆగిపోయింది. ఈ గీత ఎక్కడుందో రిపోర్టు చెప్పదు, దుకాణం యజమానిని అడిగి తెలుసుకోవాలి.

నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం చివరి మూడు రోజుల దగ్గర. అక్కడ ఆర్డర్లు పడిపోయినట్టు కనిపించడంతో, ప్రకటన ఆపేయాలేమోనని ఆమె అనుమానించింది. గూగుల్ యాడ్స్ ఆర్డరును కొన్న రోజు కింద కాక, ప్రకటన నొక్కిన రోజు కింద రాస్తుంది. ఆదివారం నొక్కి, ఇంట్లో అడిగి, బుధవారం కొన్నవారి ఆర్డరు వెనక్కి వెళ్లి ఆదివారం లెక్కలో చేరుతుంది. అందుకే తాజా రోజులు ఎప్పుడూ పలుచగా కనిపిస్తాయి. కొన్న రోజు ప్రకారం చూడాలంటే `Conversions (by conv. time)` అనే గడిని విడిగా చేర్చుకోవాలి.

పడిపోవడం నిజమా కాదా తేల్చడానికి, ఆ మూడు రోజుల అంకెలను ఆమె చేత ఈరోజే రాయించాను. అవే తేదీలను గురువారం మళ్లీ తెరిచి చూస్తాం. అంకెలు పెరిగితే ప్రకటన కొనసాగుతుంది, కదలకపోతే దుకాణం చెల్లింపు పేజీ సరిగ్గా పనిచేస్తోందో లేదో ముందు పరీక్షిస్తాం.