మా పాపకి వచ్చిన డౌటు

కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు నేర్చుకుంటున్న మా పాప నిన్న తాళం మధ్యలో ఆగి, "స, గ, మ, ప, ధ అన్నీ 'అ'తో ముగుస్తుంటే రి, ని మాత్రం 'ఇ'తో ఎందుకు?" అంది. పదేళ్లు పాడాను, నాకెప్పుడూ తట్టలేదు!

ఇద్దరం కాగితం మీద ఏడు స్వరాల పూర్తి పేర్లు రాశాం: షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం. మొదటి అక్షరం మాత్రం తీసుకుని పొట్టిగా పలికితే స్వరం పేరు వచ్చేస్తుంది. 'గాం' గ అయింది, 'ధై' ధ అయింది. రిషభానికి, నిషాదానికి మొదట్లోనే ఇకారం ఉంది కాబట్టి అది అలాగే మిగిలిపోయింది. ఒక్క షడ్జమే తేడా, ష కాస్తా స అయింది.

పొట్టి అక్షరమే ఎందుకో పాడితే తెలుస్తుంది. వేగం రెట్టింపయ్యే రెండో కాలంలో "గాంధారం" అనేలోపు తాళం దాటిపోతుంది. "గ" అంటే ఒక్క అక్షరం పలికేంత సేపే, కావాలంటే "గా" అని సాగదీయొచ్చు.

మధ్యమం ఏడింటిలో నాలుగోది, సరిగ్గా నడిమిది. పంచమం ఐదోది. ఇవి వినగానే పాప వేళ్లు మడిచి లెక్కపెట్టి చూసుకుంది. షడ్జమంటే ఆరింటి నుంచి పుట్టినదట అన్నాను. "ఏ ఆరు?" అంది. కంఠం, నాలుక, దంతాలు... అంటుంటే నాలుక బయటపెట్టి స పాడబోయింది.