ఇన్‌స్టాగ్రామ్ లెక్కలో మా అమ్మాయికి పాతికేళ్లు: ఫోన్ చూడాలనుకున్న ఒక తల్లి అనుభవం

గుంటూరులో మా అమ్మాయి చదువుతున్న బడిలో ఈమధ్య పదో తరగతి పిల్లల తల్లిదండ్రులందరినీ పిలిపించి, పిల్లల ఫోన్లను రోజూ రాత్రి తనిఖీ చేయాలని గట్టిగా చెప్పారు. ఎవరో ఒక అమ్మాయి ఫోటోను మార్చి గ్రూపుల్లో తిప్పారన్న గొడవ దీనికి కారణం. ఏం చూడాలి, ఎలా చూడాలి, చూస్తున్న సంగతి పిల్లకు చెప్పాలా వద్దా అని నేను లేచి అడిగితే, మైకు పట్టుకున్న ఆయన "మీ పిల్లలు, మీ బాధ్యత" అని కూర్చోబెట్టారు. ఫీజు వసూలు చేసే నెలలో మాత్రం మన పిల్లలు వారి పిల్లలైపోతారు.

ఇంటికి వచ్చాక మొదటి సలహా మా బావగారిది. వాళ్ల అబ్బాయి నిద్రపోతున్నప్పుడు ఫోన్ తీసి, వాట్సాప్‌లో Linked devices ద్వారా తన కంప్యూటర్‌కు కలిపేశానని, వాడి సంభాషణలన్నీ ఆఫీసులో కూర్చుని చదువుతున్నానని ఆయన గొప్పగా చెప్పారు. అలా కలిపిన పరికరం పేరు, అది చివరిసారి ఎప్పుడు వాడుకలో ఉన్నదీ పిల్లవాడి ఫోన్‌లోనే కనిపిస్తాయని, దాన్ని అక్కడే తీసేయవచ్చని ఆయనకు తెలియదు. వాడికి తెలిసింది. తీసేస్తే నాన్నకు అనుమానం వస్తుందని అలాగే ఉంచి, స్నేహితులతో అసలు మాటలను వేరే యాప్‌కు మార్చుకున్నాడు. బావగారు ఇప్పటికీ రోజూ హోంవర్కు గ్రూపు చదువుకుని నిశ్చింతగా ఉన్నారు.

రెండో సలహా కోసం బ్రాడీపేటలో ఒక మొబైల్ దుకాణానికి వెళ్ళాను. కౌంటర్ దగ్గరి కుర్రవాడు గొంతు తగ్గించి, పాపకు తెలియకుండా ఫోన్‌లో కనిపించని యాప్ వేస్తామని, రెండున్నర వేలు అవుతుందని చెప్పాడు. అందుకు ముందుగా ప్లే స్టోర్‌లోని Play Protect ఆపేయాలని, తర్వాత Accessibility అనుమతి ఇవ్వాలని అన్నాడు. మొదటిది హానికరమైన యాప్‌లను పట్టుకునే కాపలా. రెండోది చూపు సరిగా లేకపోవడం వంటి ఇబ్బందులున్నవారి కోసం పెట్టిన సదుపాయం. ఆ అనుమతి ఉన్న యాప్ తెరమీద కనిపించే అక్షరాలను చదవగలదు, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీతో సహా. ఈ చదివినదంతా ఎక్కడికి పోతుందని అడిగితే, నాకు నమ్మకం కలిగించడానికి తన ల్యాప్‌టాప్ ఇటు తిప్పి, "మొన్న ఒకరికి పెట్టాం, చూడండి మేడం" అంటూ కిందికి జరుపుతూ పోయాడు. అవి ఎవరో ఆడపిల్ల తన స్నేహితురాలికి పంపిన సందేశాలు. మధ్యలో ఆ పిల్ల అద్దం ముందు తీసుకున్న ఫోటో కూడా ఉంది. కన్నతండ్రి డబ్బిచ్చి మరీ కూతురి ఫోన్‌ను ఆ కౌంటర్ మీద పరిచి వెళ్ళాడని, ఆ ఖాతా పాస్‌వర్డ్ తయారుచేసింది ఈ కుర్రవాడేనని అర్థమై నేను వచ్చేశాను. బయట జరుగుతుందని భయపడిన పని ఆ దుకాణంలోనే జరుగుతోంది. అక్కడికి మాత్రం ఎవరూ వెళ్ళకండి.

ఇక మిగిలింది అమ్మాయికే చెప్పడం. భోజనాల తర్వాత కూర్చోబెట్టి, నాకున్న భయం ఇదీ, నేను చూడాలనుకుంటున్నది ఇదీ అని చెప్పాను. ఏడుస్తుందనుకుంటే బేరానికి దిగింది. "ఎవరితో మాట్లాడుతున్నానో చూసుకో, ఎంతసేపు చూస్తున్నానో చూసుకో, ఏం మాట్లాడానో మాత్రం చదవద్దు. వాళ్ల ఇంటి గొడవలు నా ఫ్రెండ్స్ నాకు చెప్పుకున్నారు, నీకు కాదు కదమ్మా" అంది. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకున్నాను.

గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ పెట్టడం సులువుగానే అయింది. నా ఫోన్‌లో యాప్ వేసుకుని, ఆమె ఖాతాను కలిపి, ఆమె పాస్‌వర్డ్ ఆమే కొట్టి అంగీకరిస్తే సరిపోయింది. ఏ యాప్‌లో ఎంత సమయం గడిచింది, ఫోన్ ఎక్కడ ఉంది అన్నవి నాకు కనిపిస్తాయి. కొత్త యాప్ వేయాలంటే నా అనుమతి కావాలి. రాత్రి ఫోన్ మూతపడే వేళ నేను పెట్టవచ్చు. సందేశాలు కనిపించవు. మా ఒప్పందానికి అది సరిగ్గా సరిపోయింది.

చుక్కలు చూపించింది ఇన్‌స్టాగ్రామ్. పిల్లల కోసం అందులో టీన్ అకౌంట్స్ అనే ఏర్పాటు ఉందని, 2025 ఫిబ్రవరిలో మన దేశంలోనూ మొదలైందని ముందే చదివి ఉన్నాను. పదమూడు నుంచి పదిహేడేళ్ల వారి ఖాతా దానంతట అదే ప్రైవేటు అవుతుంది. తాము అనుసరించే వారు, ఇప్పటికే పరిచయమున్న వారు తప్ప కొత్తవారు సందేశం పంపలేరు. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్ల మోత ఉండదు. పదహారు నిండని పిల్లలు ఈ కట్టుబాట్లను సడలించుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఇవి కాక Family Centerలో తల్లి లేదా తండ్రి తన ఖాతాను పిల్ల ఖాతాతో కలుపుకుంటే, గత ఏడు రోజుల్లో పిల్ల ఎవరెవరితో సందేశాలు నడిపిందో పేర్లు చూడవచ్చు, లోపలి మాటలు కనిపించవు. సరిగ్గా మా అమ్మాయి ఒప్పుకున్న షరతు.

దాని కోసం నేను కూడా ఒక ఖాతా తెరిచి, ఆహ్వానం పంపాను. ముందుకు పోదు. యాప్‌ను అప్‌డేట్ చేశాను, తీసేసి మళ్ళీ వేశాను, ఫోన్ ఆపి వెలిగించాను, మా ఆయన ఫోన్ నుంచి ప్రయత్నించాను. అసలు ఆమె ఖాతాలో ప్రైవేటు కూడా లేదు. ఏ కట్టుబాటూ లేదు. అమ్మాయి పక్కనే కూర్చుని నా అవస్థ చూస్తూ గోళ్లు కొరుకుతోంది తప్ప నోరు విప్పదు. మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే, ఆడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ, "మేడం, మీ పాప వయసు అందులో ఎంతని ఉందో చూశారా?" అన్నాడు. నేను పనిచేసేది ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర. పాన్ దరఖాస్తుల్లో పుట్టిన తేదీ ఒక్క అంకె తేడా వచ్చినా వెనక్కి పంపేది నేనే. ఆ మాట అందరూ విన్నారు, అందరూ నవ్వారు, సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నారు.

ఇంటికి వచ్చి Accounts Centerలో Personal details తెరిచి చూస్తే పుట్టిన సంవత్సరం 2000 అని ఉంది. 2010లో పుట్టిన పిల్ల ఆ కంపెనీ లెక్కలో ఉద్యోగానికి వెళ్ళాల్సిన పాతికేళ్ల యువతి. పిల్లల కోసం కట్టిన గోడలన్నీ ఉన్నాయి, మా పిల్లే వాటికి బయట ఉంది. "ఆరో తరగతిలో తెరిచాను. నిజం చెబితే తెరవనివ్వదు, అందరూ 2000 అనే పెట్టుకున్నారు. ఇప్పుడు మారిస్తే ఖాతా పోతుందేమోనని చెప్పలేదు" అంది. ఆమె భయం అర్థం లేనిదేమీ కాదు. పదమూడేళ్లు నిండనివారికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా ఉండకూడదు. ఆ లోపు వయసు చూపే తేదీ పెడితే ఖాతాను మూసేస్తారు. ఆమెకు పదమూడు దాటింది కాబట్టి అసలు తేదీకి ఇబ్బంది లేదు. తేదీ మార్చేవారు సంవత్సరం దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కంగారులో ఇప్పుడు నడుస్తున్న సంవత్సరాన్నే ఉంచేసి నొక్కితే ఖాతాకే ముప్పు. తేదీ సరిచేశాక టీన్ అకౌంట్ కట్టుబాట్లు వచ్చాయి, నా ఆహ్వానమూ చేరింది, ఆమె అంగీకరించింది.

ఇంతటితో అయిపోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేవారు చాలామంది ఉంటారు. ఖాతా ప్రైవేటు అయినంత మాత్రాన అంతకుముందు చేరిన ఫాలోయర్లు బయటకు పోరు. తలుపు వేశాం సరే, లోపల ఉన్నవారు లోపలే ఉన్నారు. జాబితా తెరిచి ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, "ముఖాముఖి చూశావా?" అని మాత్రమే అడిగాను. లేదన్న పేర్లలో ఒకటి చీరల మోడలింగ్ అని రాసుకున్న ఖాతా. బొమ్మ ఒక స్త్రీది. పెట్టిన పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అనుసరిస్తున్నది మాత్రం వేల మందిని. దీన్ని ఎందుకు ఒప్పుకున్నావంటే, మ్యూచువల్స్‌లో మా క్లాసు వాళ్లు ముగ్గురున్నారు అంది. ఆ ముగ్గురిలో ఒకరికి అక్కడే ఫోన్ చేసి అడిగితే, మీ అమ్మాయి పేరు చూసే ఒప్పుకున్నానని ఆ పిల్ల చెప్పింది. మొదట ఎవరో ఒకరు చేయి అందిస్తే చాలు, మిగతా తరగతి అంతా ఒకరిని చూసి ఒకరు తలుపు తీస్తారు. ఆ ఖాతా మా అమ్మాయికి పంపిన సందేశంలో ఏ బడి, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు అన్న ప్రశ్నలున్నాయి. ఆమె జవాబివ్వలేదు. మేము స్క్రీన్‌షాట్ తీసుకుని, రిపోర్టు చేసి, బ్లాక్ చేశాం. మిగతా తెలియనివారిని జాబితా నుంచి తొలగించాం. అలా తొలగిస్తే అవతలివారికి నోటిఫికేషన్ వెళ్ళదు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. తర్వాత నేను చెప్పకుండానే మిగతా ఇద్దరికీ ఆమే ఫోన్ చేసి ఆ ఖాతా సంగతి హెచ్చరించింది. బడిలో మైకు ముందు చెప్పాల్సింది ఇది.

చివరగా కాగితం మీద రాసుకున్నాం. ఆమె ఫోన్ లాక్ నంబరును కవరులో పెట్టి, అతికిన చోట తానే సంతకం చేసి నాకిచ్చింది. అది బీరువాలో ఉంటుంది. ఎవరైనా ఫోటో పంపమని అడిగినా, డబ్బు పేరుతో బెదిరించినా, వేళకు ఇంటికి రాక ఫోన్ ఎత్తకపోయినా కవరు చించుతాను. మామూలు రోజుల్లో చించితే సంతకం పట్టిస్తుంది, నేను జవాబు చెప్పుకోవాలి. ఫోటో పెట్టి ఎవరైనా బెదిరిస్తే సంభాషణ చెరిపేయకూడదని, డబ్బు పంపకూడదని, నాకు చెప్పాక ఇద్దరం కలిసి 1930కి ఫోన్ చేసి cybercrime.gov.inలో ఫిర్యాదు పెడతామని కూడా అందులో రాశాం. చెప్పినందుకు ఫోన్ లాక్కోనని నా వైపు నుంచి ఒక వాక్యం రాయమంది. ఆ వాక్యం రాయడానికి మా ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. ఫోన్ పోతుందన్న భయంతోనే పిల్లలు ఇలాంటివి దాస్తారని చెప్పి నేనే రాసి సంతకం పెట్టాను.

ఈ ఏర్పాటు ఆ ఒక్క ఖాతాకే వర్తిస్తుందని నాకు తెలుసు. స్నేహితురాలి ఫోన్‌లో మరో ఖాతా తెరిస్తే నాకు కనిపించదు. స్నాప్‌చాట్ సంగతి ఇంకా తేలలేదు. అందులోనూ పుట్టిన సంవత్సరం 2000 అనే ఉందని తనే చెప్పింది, ప్రీ ఫైనల్ పరీక్షలయ్యాక మారుద్దామని గడువు అడిగింది. అప్పటిదాకా ఆ యాప్‌కు ఫ్యామిలీ లింక్‌లో రోజుకు పావుగంట ఇచ్చాను, అరగంట కోసం బేరం నడుస్తోంది.